పాతవాళ్ళకు ఫాల్, కొత్తవాళ్ళకు పదిహేను

గ్రేస్ టీచర్ పెనుకొండ నుంచి పొద్దున ప్యాసింజర్‌లో వచ్చింది. ధర్మవరం స్టేషన్ నుంచి ఆటో కూడా ఎక్కినట్టు లేదు, కుచ్చిళ్ళ అంచుకు దుమ్ము పట్టి ఉంది. దుకాణం మెట్లెక్కి చెప్పులు విప్పింది. పరుపు మీద కూర్చోమంటే కూర్చోలేదు. లోపలి గదిలో కంప్యూటర్ దగ్గరున్న మంజులత ఎదుటికి పోయి నిలబడి, సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఇది నాకొచ్చింది. ఇది యశోదకొచ్చింది. రెండిటి కిందా నీ పేరే ఉండాది. చదువు."

మంజులతకు చదవాల్సిన పని లేదు. రెండూ ఆమెకు నోటికి వచ్చు.

"చదవమంటే చదవవేం? సరే, నేనే చదువుతా." టీచరు కళ్ళద్దాలు పెట్టుకుంది. "గ్రేస్ గారూ, పోయిన క్రిస్మస్‌కు మీరు తీసుకున్న మీగడ రంగు చీర మడత నలగకుండా ఉందా? మీరు మా పాత మనిషి. ఈ దీపావళికి మీరు ఏ చీర తీసుకున్నా ఫాల్, పికో మా ఖర్చుతో చేయించి పంపుతాం." కాగితం కింద పెట్టింది. "ఫాలూ పికో మా వీధిలో సిద్ధమ్మ నలభై రూపాయలకు చేస్తాది. అయినా నాకు బాగనే అనిపించింది. పాత మనిషి అన్నావు గదా. ఆ మాటకే మా ఆడబిడ్డకు గోధుమ రంగు చీర, ఎర్ర అంచుది, ఆరు వేలు పెట్టి ఆర్డర్ ఇచ్చినా. ఇప్పుడు యశోదకు ఏం రాసినావో విను."

"టీచర్, నాకు తెలుసు."

"తెలుసు గదా. అందుకే విను. యశోద గారూ, గ్రేస్ గారు చెబితే మీరు మా గడప తొక్కారు. మీ మొదటి చీర మీకు నచ్చిందని అనుకుంటున్నాం. రెండో చీరకు నూటికి పదిహేను రూపాయలు తగ్గింపు, దీపావళి దాకా." టీచరు అద్దాలు తీసింది. "హిందూపురంలో ట్రైనింగ్ కాడ కనపడి, అక్కా, నీ పేరు చెప్పి నాకు తొమ్మిది వందలు తగ్గించినారు అని కాగితం చూపించింది. అదే గోధుమ రంగు. అదే ఎర్ర అంచు. నా పేరు వాడుకుని ఆమెకు తగ్గించి, నాకు ఫాల్ కుట్టిస్తారా మీరు?"

మంజులత తల దించుకుంది. సిగ్గుతో కాదు. తలెత్తితే నోటెంట ఏం మాట వస్తుందో ఆమెకే తెలియదు.

*

మంజులతది ముదిగుబ్బ. అనంతపురంలో కంప్యూటర్ డిగ్రీ చేసి, మూడేళ్ళ కింద, 2004లో, ఈ దుకాణం వెబ్‌సైటు పెట్టినప్పుడు పనిలో చేరింది. బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ, అంతకంటే దూరం నుంచీ ఆర్డర్లు మెయిల్లో వచ్చేవి. వాటిని ఎక్సెల్‌లో ఎక్కించడం, మెయిళ్ళకు జవాబు రాయడం ఆమె పని. తెలుగు అక్షరాలు అవతల చాలా కంప్యూటర్లలో డబ్బాల్లాగా కనిపించేవి కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. కింద 'మంజులత' అని పెట్టేది. మనుషులు ఆ పేరుకే రాసేవాళ్ళు. పిల్ల పెళ్ళి కుదిరిందని రాసేవాళ్ళు, చీర రంగు ఫోటోలో ఒకటి, చేతికొచ్చాక ఒకటి అని తిట్టేవాళ్ళు. తిట్టినవాళ్ళే మళ్ళీ కొనేవాళ్ళు.

ఆ ఎక్సెల్‌లో పేరు, మెయిల్, ఊరు, బిల్లు నంబరు, చీర రంగు, ఏ పండక్కి అన్న గడులు అందరూ పెట్టుకునేవే. చివరి గడి మాత్రం మంజులత సొంతం: 'మా గురించి ఎవరు చెప్పారు'. అది కూడా పూర్తిగా ఆమెది కాదు. దుకాణం యజమాని లోకేష్ నాయన నాగప్ప, మగ్గం మీద నుంచి లేచి దుకాణం పెట్టిన మనిషి, కొత్త ముఖం మెట్లెక్కితే చీర విప్పకముందే "ఎవరు పంపినారమ్మా?" అని అడిగేవాడు. ఆ అడగడాన్ని మంజులత ఆర్డర్ ఫారంలో పెట్టింది.

దసరా అయిన వారానికి లోకేష్ బెంగళూరులో ఏదో రెండు రోజుల క్లాసుకు పోయి వచ్చాడు. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మంజులా, అందరికీ ఒకే మెయిల్ పంపేది ఇంక వద్దు. లిస్టు రెండుగా కొట్టు. ఒకసారే కొన్నవాళ్ళు ఒక పక్క. రెండు, అంతకంటే ఎక్కువసార్లు కొన్నవాళ్ళు ఇంకో పక్క. ఇద్దరికీ మొదటి లైను వేరే ఉండాల. ఆఫరు వేరే ఉండాల."

ఇది ఆమెకు నచ్చింది. ఆర్నెల్లుగా తనే చెబుతున్న మాట. పదిసార్లు కొన్న మనిషికి 'మా దుకాణానికి స్వాగతం' అని రాయడం ఆమెకే ఎబ్బెట్టుగా ఉండేది.

రెండు రోజులు కూర్చుని చీల్చింది. వరుసలు లెక్కపెట్టలేదు. ఆ తప్పు ఎవరైనా చేస్తారు. చీరకొక వరుస కాబట్టి పెళ్ళికని ఒకేసారి తొమ్మిది చీరలు తీసుకున్న ఇంటికి తొమ్మిది వరుసలుంటాయి, చూస్తే పాత గిరాకీ అనిపిస్తుంది. కానీ వాళ్ళు వచ్చింది ఒక్కసారే. అందుకని ఒక్కో మెయిల్ అడ్రసు ఎన్ని వేరు వేరు బిల్లుల్లో ఉందో చూసింది. మొత్తం నాలుగు వందల పదకొండు అడ్రసులు. రెండు వందల అరవై పాతవి, నూట యాభై ఒకటి కొత్తవి. పాతవాళ్ళలో ఆమె అడ్రసూ ఉంది. అమ్మకు రెండుసార్లు చీర ఇక్కడే కొన్నది, పూర్తి ధర పెట్టి.

"కొత్తవాళ్ళకు పదిహేను శాతం," అన్నాడు లోకేష్. "ఒకసారి కొన్నోడు రెండోసారి రావడమే కష్టం. రెండోసారి వచ్చినాడంటే మూడోసారి వాడే వస్తాడు. ఖర్చు పెట్టాల్సింది ఆడ."

"సరే అన్నా, అది ఒప్పుకుంటా. పాతవాళ్ళకు?"

"పాతవాళ్ళు యాడికి పోతారు?"

"యాడికైనా పోతారు. ఈ వీధిలోనే పట్టుచీరల దుకాణాలు ఎన్ని ఉండాయో తెల్దా నీకు? తగ్గింపు ఇయ్యొద్దులే. కొత్త డిజైన్లు వాళ్ళకు వారం ముందు చూపిద్దాం. వాళ్ళు ఏరుకున్నాకే సైట్లో పెడదాం. దానికి ఖర్చు లేదు, వాళ్ళకు మర్యాద."

"కొత్త డిజైన్లు బెంగళూరు షోరూముకు మాట ఇచ్చేసినా. ఫాల్, పికో అని రాయి. చాలు."

గుమ్మం దగ్గర పేపరు చదువుతున్న నాగప్ప తలెత్తాడు. మంజులత ఆశగా ఆయన వైపు తిరిగింది.

"పెద్దాయనా, ఒకే చీరకు రెండు ధరలు పెడతాండారు. మీరన్నా చెప్పండి."

"ఒకే చీరకు పది ధరలు పెట్టినా పాపా నేను," అన్నాడు నాగప్ప. "బేరం చేసినోళ్ళకు ఒకటి, చేయనోళ్ళకు ఒకటి. కానీ ఏది చెప్పినా నోటితో చెప్పినా. ముఖం చూసి చెప్పినా. ఆ ముఖం పోయినంక ఇంకో ముఖానికి ఇంకోటి చెప్పినా. రాసి ఇయ్యలేదు ఎవరికీ." మళ్ళీ పేపర్లోకి పోయాడు.

ఆ మాటలో ఎంత ఉందో మంజులతకు అప్పుడు తగల్లేదు. తగిలి ఉంటే ఆ లైను రాసేది కాదు.

వర్డ్‌లో రెండు ఉత్తరాలు తయారు చేసింది. పాతవాళ్ళకు మొదటి లైనులో వాళ్ళు కడపటిసారి తీసుకున్న చీర రంగు, పండగ పేరు వాటంతట అవే వచ్చి కూర్చునేట్టు గడులు కలిపింది. కొత్తవాళ్ళకు ఏం రాయాలి? ఒకసారి కొన్న మనిషి గురించి దుకాణానికి తెలిసింది ఏముంటుంది? చివరి గడి చూసింది. నూట యాభై ఒకరిలో తొంభై ఏడు మందికి అక్కడ ఒక పేరుంది. గడి ఖాళీగా ఉన్నవాళ్ళకు మామూలు పలకరింపు, పేరు ఉన్నవాళ్ళకు 'ఫలానా వారు చెబితే మా గడప తొక్కారు' అని వచ్చేట్టు షరతు పెట్టింది. తన అడ్రసుకే రెండు రకాలూ పంపుకుని చూసింది. పేర్లు సరిగ్గా కూర్చున్నాయి.

లోకేష్ కొత్తవాళ్ళ మెయిల్ రెండుసార్లు చదివాడు. "ఇది క్లాసులో కూడా చెప్పలేదు మంజులా. పేరు పెట్టి పిలిచినట్ల ఉండాది. పంపు," అన్నాడు.

పంపింది. మూడు రోజుల్లో ఇరవై ఎనిమిది ఆర్డర్లు వచ్చాయి. లోకేష్ అందరికీ బజ్జీలు తెప్పించాడు.

నాలుగో రోజు నుంచి ఫోన్లు మొదలైనాయి. ఫలానా వారు చెబితే అని చదువుకున్న మనిషి ఏం చేస్తుంది? ఆ ఫలానా ఆమెకు ఫోన్ చేసి, నీ పుణ్యాన నాకు తగ్గించినారని చెబుతుంది. ఆ ఫలానా ఆమె పాత లిస్టులో ఉంది, ఆమె చేతిలో ఫాల్, పికో ఉంది. ఎవరికి ఏ ధర పెట్టారో దాయాల్సిన చోట, ఎవరు ఎవరిని కనుక్కోవాలో తనే పేరు రాసి పంపింది మంజులత, అదీ తొంభై ఏడు సార్లు. గోడ కట్టి తనే తలుపు పెట్టింది.

*

"నన్నేం చేయమంటావు ఇప్పుడు?" అంది గ్రేస్ టీచర్. గొంతు తగ్గింది, కోపం తగ్గలేదు. "మా చర్చిలో పెళ్ళికూతుర్లకు మీగడ రంగు చీర కావాలంటే బెంగళూరు పోయేవాళ్ళు. ధర్మవరంలో నేయించి ఇస్తారని చెప్పిందే నేను. ఎంతమందిని పంపినానో నీ కంప్యూటర్లోనే ఉంటాది గదా, చూసుకో. ఒక్క రూపాయి నేను తిన్లేదు. వాళ్ళు నన్ను అడిగితే నేను నీ పేరు చెప్పినా. దుకాణం పేరు కూడా గాదు. మంజులత అనే అమ్మాయి ఉండాది, ఏమన్నా అయితే ఆమె చూసుకుంటాది అని చెప్పినా. ఇప్పుడు వాళ్ళు అడుగుతాండారు, ఎంత కమిషన్ తీసుకున్నావక్కా అని. నవ్వుతానే అడుగుతాండారు."

"టీచర్, మీ పేరు ఆ మెయిల్లో పెట్టింది నేనే. అది నా తప్పే. మర్యాద అనుకుని పెట్టినా. ధర మాత్రం..."

లోకేష్ లోపలికొచ్చాడు. బయట నుంచి అంతా విన్నట్టే ఉన్నాడు.

"ఏం మేడమ్, ఏమాయ? కూర్చోండి. కాఫీ చెప్పమంటారా?"

"కాఫీ వద్దు. ఒక్కటి చెప్పు లోకేషూ. నీకు పాత గిరాకీ అంటే ఏంది?"

"మీరే మేడమ్. మీరే మాకు ఆధారం. ఇది కంప్యూటర్ పొరపాటు. ఈ పిల్ల లిస్టు తారుమారు చేసింది. ఆ పదిహేను అసలు ఎవరికీ లేదు. ఈ పొద్దే అందరికీ మెయిల్ పెట్టిస్తా."

టీచరు మంజులత ముఖం వైపు చూసింది. మంజులత లోకేష్ ముఖం వైపు చూసింది. ఆ రెండు చూపుల మధ్య లోకేష్ చేతి గడియారం సవరించుకున్నాడు.

"ఆహా," అంది టీచరు. "యశోదకు ఇచ్చిందీ లాక్కుంటారన్నమాట. మంచిదప్పా. అప్పుడు సమానమే అవుతాది." కాగితాలు రెండూ మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "మెయిల్ వచ్చేది చూస్తా. కింద ఎవరి పేరుంటాదో చూస్తా."

ఆమె మెట్లు దిగిందాకా లోకేష్ ఆగాడు.

"రాయి. లిస్టు తయారు చేసేటప్పుడు నా పొరపాటు వల్ల తగ్గింపు వివరం తప్పుగా పోయింది, ఆ తగ్గింపు చెల్లదు, క్షమించండి. ఇట్లు మంజులత."

"లిస్టులో పొరపాటు లేదన్నా."

"లేదని నాకూ తెలుసు."

"తెలిసి రాయమంటాండావా?"

"మరి నా పేరు పెట్టుకోమంటావా? నాలుగు వందల మంది ముందర దుకాణం పేరు పోగొట్టుకోవాల్నా? నువ్వు ఉద్యోగివి. ఉద్యోగి పొరపాటు చేసిందంటే మనుషులు మర్చిపోతారు. ఓనర్ చేసినాడంటే మర్చిపోరు."

"ఇంకో దారి ఉండాది. పాతవాళ్ళకూ పదిహేను ఇయ్యి. తప్పు మాదే, మీకూ ఇస్తాండాం అని దుకాణం పేరుతో రాస్తా. నేను పేరు పెట్టిన తప్పు కూడా రాస్తా, నా పేరుతోనే."

"రెండు వందల అరవై మందికి ఇస్తే నాకేం మిగులుతాది? మగ్గం వాళ్ళకు నువ్విస్తావా?"

"అది మొదట ఆలోచించాల్సింది. ఫాల్, పికో చాలు అన్నప్పుడు."

లోకేష్ ముఖం ఎర్రబడింది. "నీ తెలివి వల్లే గదా ఇదంతా. ఎవరు చెప్పారో రాయమని నిన్నెవరన్నా అడిగినారా? నువ్వు రాయకపోతే ఒకరి సంగతి ఒకరికి తెలిసేదే కాదు."

"నువ్వు రెండుసార్లు చదివినావు. బజ్జీలు కూడా తెప్పించినావు."

"రాస్తావా, రాయవా?"

మంజులతకు తిట్లు గొంతు దాకా వచ్చాయి, ముదిగుబ్బ సంతలో గొర్రెల బేరం దగ్గర వినిపించే తిట్లు. మింగింది.

"నా పేరు నువ్వు పెట్టింది కాదు, మా నాయన పెట్టింది. దాన్ని ఏ మాట కింద పెట్టాల్నో నేను చూసుకుంటా."

"అయితే మీ నాయన కాడికే పో."

ఆమె టిఫిన్ డబ్బా, గొడుగు తీసుకుంది. కంప్యూటర్లోంచి ఏమీ తీసుకోలేదు. తీసుకుందామనే ఆలోచన కూడా రాలేదు. గుమ్మంలో నాగప్ప పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె చెప్పులు వేసుకుంటుంటే పేపరు దించకుండానే అన్నాడు.

"రాసి ఇచ్చినాం పాపా. అదీ సంగతి."

"అవును పెద్దాయనా. ఇప్పుడన్నా అది మీ కొడుక్కి చెప్పండి."

నాగప్ప పేపరు తిరగేశాడు.

*

మరునాడు పదకొండు గంటలకు ముదిగుబ్బ బస్టాండు పక్కనున్న నెట్ సెంటర్లో మంజులత మెయిల్ తెరిచింది. ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు పంపుదామని వచ్చింది. పాతవాళ్ళ లిస్టులో ఆమె అడ్రసు కూడా ఉంది కదా, దుకాణం మెయిల్ ముందు రోజు సాయంత్రమే ఆమెకూ వచ్చి ఉంది.

'ప్రియమైన కస్టమర్,' అని మొదలైంది. లిస్టు తయారీలో నా పొరపాటు, తగ్గింపు చెల్లదు, క్షమించండి. ఇట్లు మంజులత.

తన పేరు ముందు రెండుసార్లు చదువుకుంది. తర్వాత కళ్ళు పైకి పోయాయి. ఎవరికి పంపారో చూపించే చోట నాలుగు వందల పదకొండు అడ్రసులూ బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్కరికి విడిగా పోయేట్టు ఉత్తరం కలపడం లోకేష్‌కు చేతకాలేదు. ఒకరి అడ్రసు ఒకరికి కనపడకుండా వేసే గడి ఉందని కూడా తెలియదు. పాతవాళ్ళనూ కొత్తవాళ్ళనూ, ఆమె రెండు రోజులు కూర్చుని చీల్చిన లిస్టు మొత్తాన్నీ, తెచ్చి 'టు' అన్న ఒక్క గడిలో కుప్ప పోశాడు.

దాని కింద జవాబులు. అందరికీ పోయిన జవాబులు.

యశోద, హిందూపురం: 'ఇచ్చిన తగ్గింపు వెనక్కి తీసుకుంటారా? నాకు చీరే వద్దు.'

బెంగళూరు నుంచి ఒకామె: 'నేను ఆరుసార్లు కొన్నాను. కొత్తవాళ్ళకు తగ్గించారని ఇప్పుడే తెలిసింది. థాంక్స్.'

ఇంకొకరు: 'నా అడ్రసు ఇంతమందికి ఎందుకు పంపారు?'

ఇంకొకరు: 'ఈ మంజులతను పనిలోంచి తీసేయండి.'

దాని కింద ఇంకో ముగ్గురు అదే మాట. అన్నిటికంటే కింద, పది నిమిషాల కిందట వచ్చింది, గ్రేస్ టీచర్‌ది. ఆమె కూడా అందరికీ పంపింది.

'మంజులా, ఇది నువ్వు రాయలేదు. నువ్వు ఎప్పుడూ నన్ను ప్రియమైన కస్టమర్ అనలేదు. నువ్వు రాసింది ఏమన్నా ఉంటే రాయి. అందరం చూస్తాం.'

మంజులత కుర్చీ ముందుకు జరుపుకుంది. దరఖాస్తు కాగితం మడిచి పక్కన పెట్టింది. 'రిప్లై ఆల్' నొక్కింది.

మొదటి లైను దగ్గర వేళ్ళు ఆగాయి. మూడేళ్ళలో మొదటి లైను లేకుండా ఆమె ఏదీ రాయలేదు. పాతవాళ్ళకు ఒకటి, కొత్తవాళ్ళకు ఒకటి అని రాయడానికి ఇప్పుడు రెండు ఉత్తరాలు లేవు. పేర్లను తెచ్చి కూర్చోబెట్టే గడులూ లేవు. ఉన్నది తలలో ఉన్నదే.

గ్రేస్ గారూ, యశోద గారూ, అని కొట్టింది. తర్వాత బెంగళూరు ఆమె పేరు. తనను పనిలోంచి తీసేయమన్న నలుగురి పేర్లూ. తర్వాత గుర్తొచ్చిన వరసలో కొట్టుకుంటూ పోయింది. నెమలికంఠం చీర తీసుకున్నామె, పెళ్ళికి తొమ్మిది తీసుకున్న ఇంటాయన, రంగు తేడా అని తిట్టి మూడు నెలలకు మళ్ళీ వచ్చినామె. ఎవరు పాత, ఎవరు కొత్త అని చూడలేదు.

"అక్కా, అరగంట అయింది," అన్నాడు నెట్ సెంటర్ రవికుమార్.

"ఇంకో గంట రాసుకో."

పేర్ల కింద నాలుగే మాటలు రాసింది. లిస్టులో పొరపాటు లేదు, లిస్టు నేనే చేశాను, సరిగ్గానే చేశాను. కొత్తవారికి తగ్గించి పాతవారికి ఫాల్, పికో ఇవ్వాలన్నది దుకాణం నిర్ణయం, వద్దని చెప్పాను, అయినా పంపింది నేనే. మిమ్మల్ని పంపినవారి పేరు మెయిల్లో పెట్టిన తప్పు మాత్రం నాదే, ఆ పేరుగల వాళ్ళు ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు. నిన్నటి మెయిల్ నేను రాయలేదు, అది పోయేసరికే నేను అక్కడ పనిలో లేను.

మంజులత, ముదిగుబ్బ.

పంపే ముందు అడ్రసుల వరస మొత్తం ఒకసారి పైనుంచి కిందికి చూసుకుంది. ఆ వరసకు మొదట లోకేష్ అడ్రసు ఉంది. తీసేయలేదు.